సెకండ్ హ్యాండ్ కారు: బ్యాంకు అప్పా, షోరూం అప్పా, బావ దగ్గర అప్పా?

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడింది ఇక్కడ రాసి పెడుతున్నాను. డ్యూటీలో ఉండి వినలేకపోయినవాళ్లు తీరిగ్గా చదువుకోండి.

నేను దుబాయ్‌లో ఏసీ టెక్నీషియన్‌ని. రూమ్ అల్ ఖూజ్‌లో, పని ఎక్కువగా జెబెల్ అలీ వైపు. టూల్స్ బ్యాగు మోసుకుని మెట్రో, బస్సు మారడం కష్టమై కారు కొన్నాను. ఒకసారి షోరూం అప్పుతో, ఇంకోసారి మా బావ డబ్బుతో. నా రూమ్మేటు బ్యాంకులో తీసుకున్నాడు. మూడింటినీ దగ్గర నుంచి చూశాను కాబట్టే ఈ ముచ్చట చెబుతున్నాను.

ముందు లెక్క. కారు నగదు ధర 30,000 దిర్హంలు అనుకుందాం. మన చేతిలో 6,000 ఉంది. ఇంకో 24,000 కావాలి.

బ్యాంకుకు పోతే, ఇక్కడి సెంట్రల్ బ్యాంకు రూలు ప్రకారం కారు విలువలో 80 శాతం దాకా, ఎక్కువలో ఎక్కువ 60 నెలలకు ఇస్తారు. సేల్స్ అబ్బాయి "నాలుగు శాతమే అన్నా" అంటాడు. అది ఫ్లాట్ రేటు. అంటే మనం అసలు తీరుస్తూ పోతున్నా, వడ్డీ మాత్రం మొదటిరోజు తీసుకున్న మొత్తం 24,000 మీదే లెక్కేస్తారు. ఏడాదికి 960, నాలుగేళ్లకు 3,840. మొత్తం 27,840ని 48 నెలలకు పంచితే నెలకు 580. తగ్గుతున్న అసలు మీద చూస్తే ఇదే వడ్డీ ఏడాదికి ఏడున్నర శాతం దగ్గర పడుతుంది. అందుకే బ్యాంకులో "రెడ్యూసింగ్ రేటు ఎంత?" అని అడగండి. ఫీజు, ఫుల్ ఇన్సూరెన్స్ ఖర్చు దీనికి వేరు.

ఇక షోరూం. జీతం తక్కువైనా, కంపెనీ బ్యాంకు లిస్టులో లేకపోయినా ఇచ్చేది వీళ్లే. నేను పోయింది అందుకే. బయట 30,000కు దొరికే కారుకు వాయిదాల ధర 33,000 చెప్పారు. 6,000 కట్టాను. మిగిలిన 27,000 మీద పది శాతం ఫ్లాట్, రెండేళ్లు. వడ్డీ 5,400. నెలకు 1,350 చొప్పున 24 చెక్కులు రాసిచ్చాను. పది శాతమే కదా అనుకున్నాను. కానీ నిజంగా నాకు దక్కిన అప్పు 24,000, కట్టాల్సింది 32,400. ధరలో కలిపిన ఆ 3,000 కూడా మిత్తే. అదీ కలిపి రెడ్యూసింగ్ లెక్కన చూస్తే ఏడాదికి 30 శాతం దాటింది. షోరూం వాడు చెప్పిన రేటును నమ్మకండి. నగదు ధర ఎంత, చివరిదాకా కట్టేది ఎంత, ఈ రెండే అడగండి.

అంతకంటే పెద్ద సంగతి ముల్కియా. బ్యాంకు అప్పులో ముల్కియా మన పేరు మీదే ఉంటుంది, బ్యాంకు తాకట్టు అని నమోదవుతుంది. నాది మాత్రం షోరూం పేరు మీదే ఉండిపోయింది. చివరి చెక్కు పాసయ్యాక మారుస్తామన్నారు. ఆరు నెలలకు మా కంపెనీ మూతపడింది. రెండు నెలలు జీతం లేదు. ఏడో చెక్కు బౌన్స్ అయింది. వారంలో వచ్చి కారు తీసుకుపోయారు. అప్పటికి నేను కట్టింది 6,000 ప్లస్ ఆరు వాయిదాలు 8,100, మొత్తం 14,100. ఒక్క దిర్హం తిరిగి రాలేదు. కాగితం మీద ఆ కారు నాది కాదు కదా, ఏమని అడగాలి? మిగిలిన చెక్కులు వెనక్కి ఇప్పించుకోవడానికే నెల తిరిగాను. డబ్బుల్లేక చెక్కు బౌన్సయితే 2022 జనవరి నుంచి చాలావరకు జైలు కేసు కాదు. కానీ చెక్కు పట్టుకున్నవాడు నేరుగా వసూలు కోర్టుకు పోవచ్చు, ప్రయాణ నిషేధం పడొచ్చు. ఇంటికి పోదామంటే ఎయిర్‌పోర్టులో ఆపుతారు. అందుకే కారు ఇచ్చేసినా చెక్కులు మాత్రం వాళ్ల దగ్గర వదలొద్దు.

రూమ్మేటుకూ ఉద్యోగం పోయింది, 18 వాయిదాలు కట్టాక. బ్యాంకు వాడి ఖాతా ఆపింది. కంపెనీ ఇచ్చిన గ్రాట్యుటీ కూడా అందులోనే చిక్కుకుంది. అప్పటికి అసలు దాదాపు 15,800 మిగిలి ఉంది. కారుకు 21,000 ఇచ్చే మనిషి దొరికాడు. ఆ డబ్బుతో బ్యాంకు బాకీ, ముందే మూసినందుకు ఒక శాతం ఫీజు కట్టి, తాకట్టు తీయించి, కారు పేరు మార్చారు. వాడి చేతికి ఐదు వేల దాకా వచ్చింది. ఖాతా తెరిచారు. బాధ పడ్డాడు గానీ మునగలేదు.

ఇక బావ. షార్జాలో ఉంటడు. రెండో కారు 18,000దే చూసుకున్నాను. నావి 8,000, బావ 10,000 ఇచ్చాడు. మిత్తి లేదు, కాగితం లేదు. నెలకు 500 ఇస్తానన్నాను. ఐదు నెలలకు ఊళ్లో జాగ రిజిస్ట్రేషన్ పడింది, మిగిలిన 7,500 ఒక్కసారే కావాలన్నాడు. తప్పు ఆయనది కాదు, ఆయన డబ్బు. కానీ నా దగ్గర లేదు. జగిత్యాలలో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చి ఇచ్చాను. దిర్హంకు 23 రూపాయలు లెక్కేసుకుంటే 1,72,500 రూపాయలు. నెలకు మిత్తే 3,450, అంటే 150 దిర్హంలు, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. ఏడాదికి 24 శాతం. ఈ లోపల మా అక్క నాలుగు నెలలు ఫోన్ ఎత్తలేదు. "నీ వల్ల మా ఇంట్ల మాట పడ్డ" అంది తర్వాత. ఆ మాట ఏ మిత్తి లెక్కలోకీ రాదు.

ఇప్పుడు ఎవరన్నా అడిగితే నేను చెప్పేది ఇదీ. జీతం బ్యాంకుకు సరిపోతే బ్యాంకే. సరిపోకపోతే షోరూంకు పోకుండా, చిన్న కారు చూసుకోండి. చుట్టాల దగ్గర తీసుకునేది, జీతం ఆగినా గ్రాట్యుటీతో తీర్చేంతే ఉండాలి. కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: దిర్హంలలోనా రూపాయల్లోనా, నెలకు ఎంత, ఆయనకు మధ్యలో అవసరం పడితే ఎన్ని నెలల ముందు చెప్పాలి. ఇద్దరూ సంతకం పెట్టి, ఫొటో తీసి అక్కకు కూడా వాట్సాప్‌లో పంపండి.

షోరూం తప్ప దారే లేదంటే, మొదటి చెక్కు రాయకముందు ముల్కియా ఎవరి పేరు మీద ఉంటుందో అడగండి. మీ పేరు కాదంటే, బేరం అక్కడే ఆపి బయటికి రండి.

వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.