ఎంతమందితో మాట్లాడితే చాలు?

 

పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు ఊళ్లు తిరిగి, మనుషులతో మాట్లాడి పరిశోధన చేస్తారు. "ఎంతమందితో మాట్లాడావమ్మా, ఆ సంఖ్య ఎక్కడిది?" అని వైవాలో తప్పకుండా అడుగుతారు. చాలా థీసిస్‌లలో దీనికి యమానే సూత్రం చూపిస్తారు. నూటికి ఎందరు అని లెక్కగట్టే సర్వేల కోసం పుట్టిన సూత్రమది. రైతు ఒక విత్తనాన్ని ఎందుకు నమ్మాడన్న ప్రశ్నకు పనికిరాదు.

అక్కడ మనం చూడాల్సింది డేటా సంతృప్తత, అంటే ఎంత అడిగినా కొత్త సంగతి రాని దశ. 2006లో గ్రెగ్ గెస్ట్ బృందం ఘనా, నైజీరియాలలో 60 మంది మహిళల ఇంటర్వ్యూలను వరసగా పరిశీలిస్తే, కోడ్‌లలో చాలావరకు మొదటి 12 ఇంటర్వ్యూల్లోనే వచ్చేశాయి. దాంతో 12 అనే అంకె కూడా ఒక సూత్రమైపోయింది. కానీ మాట్లాడినవాళ్లు ఒకే తరహావాళ్లై, అందరినీ అవే ప్రశ్నలు అడిగినప్పుడే అది నిలుస్తుంది.

మన వరంగల్ పత్తినే చూడండి. గ్లెన్ స్టోన్ అనే మానవశాస్త్రవేత్త ఈ జిల్లా పత్తి రైతుల మీద చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. అప్పట్లో ఒక ఊరంతా ఒకే విత్తనం వెంట పడితే, పక్క ఊళ్లో దాన్ని అడిగేవాళ్లే ఉండేవారు కాదు. ఏడాది తిరిగేసరికి మోజు మారేది. విత్తనాన్ని తమ చేనులో పరీక్షించుకునే వీలు లేక రైతులు ఒకరిని చూసి ఒకరు కొంటున్నారని ఆయన తేల్చారు.

మీరు అలాంటి ఊరికి వెళ్లారనుకోండి. మొదటి రైతు చెప్పినదాంట్లో తొమ్మిది కొత్త కారణాలు, రెండో రైతు దగ్గర నాలుగు, మూడో రైతు దగ్గర ఒకటి దొరికాయి. ఆ తర్వాతి ముగ్గురి దగ్గర ఏమీ లేదు. సంతృప్తత వచ్చేసిందని నోట్‌బుక్ మూసేస్తే, మీకు దక్కింది ఆ ఊరి మోజు మాత్రమే. పక్క ఊరికి వెళ్లాలి. దుకాణదారు ఉద్దెరకు ఏదిస్తే అదే వేసే కౌలు రైతును అడగాలి. సేద్యమంతా తానే చూసుకునే ఒంటరి మహిళను అడగాలి. వాళ్లు కొత్త కారణం చెబితే లెక్క మళ్లీ మొదలవుతుంది. ఇది తెలియాలంటే ఇంటర్వ్యూ అయిన రోజే కోడింగ్ చేయాలి. అన్నీ ముగించి ఒకేసారి కూర్చుంటే, కొత్తది ఎక్కడ ఆగిందో తెలిసేసరికి ఊరు దాటేసి ఉంటారు.

కాబట్టి థీసిస్‌లో "సంతృప్తత వచ్చింది" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకండి. ఎవరెవరిని ఎందుకు ఎంచుకున్నారో, ఎన్నో ఇంటర్వ్యూలో చివరి కొత్త కోడ్ వచ్చిందో, ఆ తర్వాత ఇంకెందరితో మాట్లాడారో పట్టిక వేసి చూపండి. ఎవరిని కలవలేకపోయారో కూడా అక్కడే రాయండి.