రోజ్నామ్చాలో మూడు ప్రశ్నలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డైరీ రాయడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. డైరీని మన ఉర్దూలో రోజ్నామ్చా అంటాం. పోలీసు స్టేషన్లో ఏ వేళకు ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, ఏమి జరిగింది అని రాసే పుస్తకానికి కూడా అదే పేరు. అందులో జరిగింది మాత్రమే ఉంటుంది. ఇళ్ళల్లో మనం రాసుకునే డైరీలో చాలాసార్లు దానికి తలకిందులుగా ఉంటుంది. బాధో కోపమో పేజీ నిండా ఉంటుంది గాని, అసలేం జరిగిందో వెతికినా దొరకదు. ఈ రెండింటికీ నడుమ ఒక పద్ధతి ఉంది. మూడు ప్రశ్నలు వేసుకొని, మూడు జవాబులు రాయాలి. క్యా హువా, ఇస్కా మత్‌లబ్ క్యా, అబ్ క్యా. ఏం జరిగింది, దాని అర్థమేమిటి, ఇక ఏం చేయాలి. అంతే.

ఇది నేను కనిపెట్టింది కాదు. అమెరికాలో టెర్రీ బోర్టన్ అనే ఉపాధ్యాయుడు 1970లో అచ్చయిన తన 'రీచ్, టచ్ అండ్ టీచ్' అనే పుస్తకంలో 'వాట్, సో వాట్, నౌ వాట్' అని ఈ మూడు ప్రశ్నలు పెట్టాడు. తరువాత 2001లో ఇంగ్లండులో గ్యారీ రోల్ఫ్, ఆయనతో మరి ఇద్దరు కలిసి వీటిని నర్సుల చదువులోకి తెచ్చారు. మన దగ్గరికి బి.ఎడ్. దారిన వచ్చాయి. 2014లో వచ్చిన నిబంధనలతో బి.ఎడ్. రెండేళ్ళ చదువైంది. ఆ రెండేళ్ళలో కనీసం ఇరవై వారాలు బడిలో గడపాలన్నారు. అట్లా బడికి వచ్చే పిల్లలు చంకన ఒక నోటుబుక్కు పెట్టుకొస్తారు. దాన్ని రిఫ్లెక్టివ్ జర్నల్ అంటారు.

మా బడికి అట్లా వచ్చిన ఒక అబ్బాయి నోటుబుక్కు గురించే ఈ పూట చెప్పదలచాను. అతని అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. అతడు ఆరో తరగతికి దశాంశాలు చెప్పాడు. సాయంత్రం నోటుబుక్కులో ఇట్లా రాశాడు: "ఈ రోజు పిల్లలు శ్రద్ధగా వినలేదు. బేసిక్స్ చాలా వీక్‌గా ఉన్నాయి. రేపటి నుంచి ఇంకా బాగా చెప్పాలి." మూడు వాక్యాలు, మూడు ప్రశ్నలకూ జవాబులిచ్చినట్టే కనబడుతుంది. కాని ఒక్కదానికీ ఇవ్వలేదు.

నేనతన్ని ఒకటే అడిగాను: "బాబూ, వెనక బెంచీ మీద ఎవరో పరాయి మనిషి కూర్చున్నాడనుకో. 'శ్రద్ధ లేదు' అనేది అతని కంటికి కనబడుతుందా?" ఆ అబ్బాయి కాసేపు ఆలోచించి, "కనబడదు సార్, మాట్లాడుకోవడం కనబడుతుంది" అన్నాడు. మొదటి ప్రశ్నకు పరీక్ష ఇదే. పరాయివాడు చూడగలిగింది, వినగలిగింది మాత్రమే అక్కడ రాయాలి. మంచి, చెడు, సోమరి, చురుకు అనే మాటలన్నీ రెండో ప్రశ్న కిందికి పోవాలి.

ఇంటికి పోయి మళ్ళీ రాసుకొచ్చాడు. ఈసారి మొదటి భాగం ఇది: బోర్డు మీద 3.5, 3.25 రాసి, ఏది పెద్దదో నోటుబుక్కుల్లో రాయమన్నాను. తరగతిలో 28 మంది. 17 మంది 3.25 పెద్దదని రాశారు. నలుగురిని కారణం అడిగాను. ముగ్గురు "అయిదు కంటే ఇరవై అయిదు పెద్దది కదా సార్" అన్నారు. ఒక పాప "తీన్ రూపయే పాంచ్ పైసే, తీన్ రూపయే పచ్చీస్ పైసే" అన్నది.

చూశారా, పిల్లలు విన్నారు, ఆలోచించారు, కారణం కూడా చెప్పారు. మొదట రాసిన మూడు వాక్యాల్లో ఆ పాప మాట లేదు. ఆ పూటే రాసుకోకపోతే మర్నాటికి అతనికి గుర్తుండేది కూడా కాదు. అందుకే పిల్లలన్న మాటను ఏ భాషలో అంటే ఆ భాషలోనే, వాళ్ళన్నట్టే రాయమంటాను. మన మాటల్లోకి మార్చి రాస్తే అందులోని కీలకం జారిపోతుంది.

ఇక రెండో ప్రశ్న. ఇక్కడ తొందరపడి ఒకే జవాబు రాసేవాళ్ళు ఎక్కువ. కనీసం రెండు రాయాలని నా పట్టు. అతడు మూడు రాశాడు. ఒకటి, పిల్లలు నిజంగానే వినక ఏదో ఒకటి రాశారు. రెండు, చుక్క తరువాతి అంకెలను మామూలు సంఖ్యలాగా చదువుతున్నారు, అందుకే అయిదు కంటే ఇరవై అయిదు పెద్దదయింది. మూడు, చుక్కను రూపాయికీ పైసకూ నడుమ గోడ అనుకుంటున్నారు, కాబట్టి 3.5 అంటే మూడు రూపాయల అయిదు పైసలు. (పావలా నాణెం చెలామణి 2011లోనే ఆగిపోయింది. ఈ పిల్లలు దాన్ని చేత పట్టుకొని ఎరుగరు. అయినా బిల్లుల మీద చుక్క తరువాత పైసలుంటాయని ఎరుగుదురు.) మూడు కారణాలకూ మందు ఒకటి కాదు. మొదటిది నిజమైతే చెప్పిన పాఠమే మళ్ళీ చెబితే సరిపోతుంది. మిగతా రెండూ నిజమైతే అదే పాఠం పదిసార్లు చెప్పినా పిల్లవాడు అదే జవాబు రాస్తాడు.

మూడో ప్రశ్న కింద "ఇంకా బాగా చెప్పాలి" కొట్టేశాడు. దాని చోట రాసింది ఇది: గురువారం మొదటి అయిదు నిమిషాల్లో చిన్న చీటీ పరీక్ష. 3.5, 3.2 లో ఏది పెద్దది? 3.25, 3.12 లో ఏది? 3.5, 3.25 లో ఏది? చివరగా, మూడు రూపాయల అయిదు పైసలను చుక్క పెట్టి రాయండి. ఇందులోని తెలివి గమనించండి. వినని పిల్లవాడు అన్నిట్లో తడబడతాడు. చుక్కను తప్పుగా అర్థం చేసుకున్నవాడు మొదటి రెండూ సరిగ్గా రాసి, మూడోదాని దగ్గర మాత్రమే పడిపోతాడు. వాళ్ళల్లో పైసల లెక్కన పోయేవాడు నాలుగోదానికి 3.05 బదులు 3.5 అని రాస్తాడు. రోజు, సమయం, ఏం చేస్తాం, ఏం కనబడితే ఏమనుకోవాలి, అన్నీ ఉన్నాయి. మూడో జవాబు ఇట్లా ఉంటేనే నోటుబుక్కు ముందుకు నడుస్తుంది.

గురువారం నాటి పేజీ ఆ చీటీల ఫలితంతోనే మొదలయింది. వచ్చినవారు 26 మంది. మొదటి రెండు ప్రశ్నలూ 24 మందికి సరిపోయాయి. మూడోది 15 మందికి తప్పింది. ఆ 15 మందిలో తొమ్మిదిమంది మూడు రూపాయల అయిదు పైసలను 3.5 అని రాశారు. శ్రద్ధ లేదన్న మాట అక్కడితో పోయింది. పైసల గోడ బయటపడింది.

మరి ఏం చేశాడు? ఈ అబ్బాయి మన పిల్లల భాషలోనే ఉన్న ఒక సొమ్మును వాడాడు. ఉర్దూలో మూడుంపావును సవా తీన్ అంటాం, మూడున్నరను సాఢే తీన్ అంటాం. బట్టల దుకాణంలో సవా తీన్ మీటర్ ఎక్కువా, సాఢే తీన్ మీటర్ ఎక్కువా అంటే ఆరో తరగతి పిల్ల తడుముకోదు. మీటరు టేపు తెచ్చి, సాఢే తీన్ దగ్గర వేలు పెట్టించి, అదే బోర్డు మీద 3.5 అని రాయించాడు. సవా తీన్ దగ్గర 3.25. తరువాత టేపు మీద మీటరును పది భాగాలుగా చూపి, చుక్క తరువాతి మొదటి అంకె ఆ పదో భాగాలదని, రెండోది నూరో భాగాలదని చెప్పాడు.

అతనికి ఇంకో మాట కూడా తోచింది. సవా, సాఢే అని పలికి జవాబు చెప్పినంత మాత్రాన చుక్క అర్థమైనట్టు కాదు. అందుకని వారం తరువాత ఆ పేర్లు పనికిరాని సంఖ్యలిచ్చాడు: 4.7, 4.36 లో ఏది పెద్దది? ఆరుగురికే తప్పింది. చాలామంది ఇక్కడ పుస్తకం మూసేస్తారు. అతడు పక్కనే ఇంకో జంట పెట్టాడు: 4.2, 4.36. మొదటిది సరిగ్గా రాసిన అయిదుగురు ఇక్కడ 4.2 పెద్దదన్నారు. కారణం అడిగితే, "చుక్క వెనక తక్కువ అంకెలుంటే పెద్దది సార్" అన్నారు. పాత తప్పు పోయి, దాని చోట కొత్త తప్పు వచ్చి కూర్చుంది. పేజీ తిప్పి మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి రాసుకోవలసి వచ్చింది.

ఈ పద్ధతి చెడిపోయే తీరులు కూడా చెప్పాలి. మొదటిది, మార్కుల కోసం రాయడం. నోటుబుక్కు కాలేజీలో దిద్దుతారు గదా అని కొందరు చివరి వారంలో కూర్చొని నెలల పేజీలన్నీ ఒకేసారి నింపుతారు. కనిపెట్టడం కష్టం కాదు. "ఇక ఏం చేయాలి" కింద రాసిందాన్ని తరువాతి పేజీలో వెతకండి. నిజంగా రోజూ రాసినదైతే అక్కడ దాని ఫలితం ఉంటుంది, మంచో చెడో. కల్పించినదైతే ప్రతి పేజీ విడిగా పుట్టి విడిగా చచ్చిపోతుంది.

రెండోది, మన చేతిలో లేనిదాన్ని మూడో జవాబుగా రాయడం. పాలమూరు వైపు బడుల్లో పండుగ పోయాక కొన్ని బెంచీలు ఖాళీ అవుతాయి. తల్లిదండ్రులు పనికి బొంబాయికో పూనాకో పోతే పిల్లలూ వెంట పోతారు. "తల్లిదండ్రుల్లో చైతన్యం తేవాలి" అని రాయడం సులువు, అది ఏ పేజీలోనూ తేలదు. "తిరిగొచ్చిన పిల్లవాడికి పోయిన పాఠాల్లో ముందు ఏ రెండు కావాలో శనివారంలోగా గుర్తు పెడతాను" అంటే శనివారం నాటికి తేలుతుంది.

ఇంకొకటి, రోజంతా జరిగింది రాయబోకండి. ఒక్క సంగతి, పదిహేను నిమిషాలు, అదే రోజు. పిల్లల పేర్లు మాత్రం రాయొద్దు, ఏదో ఒక గుర్తు చాలు. నోటుబుక్కు ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

ఇక ఆ అయిదుగురి సంగతి. ఆ అబ్బాయి చివరి పేజీలో రెండో ప్రశ్న కింద రెండు ఊహలున్నాయి. నేనిచ్చిన జంటల్లో చిన్నగా కనబడే సంఖ్యే ప్రతిసారీ పెద్దదవడం వల్ల పిల్లలు దాన్నే సూత్రం చేసుకున్నారా, లేక పదో భాగం నూరో భాగం కంటే పెద్దదన్న మాటను పట్టుకొని అట్లా అన్నారా? మూడో ప్రశ్న కింద: సోమవారం, 4.2 నూ 4.36 నూ టేపు మీద వాళ్ళ చేతనే పెట్టించి, వేళ్ళు ఎక్కడ ఆగాయో రాసుకోవాలి.