తప్పు దారి కూడా సమానంగా ఉండాలి



దార్సైత్, వాదీ కబీర్ మొదలుకొని సలాలా దాకా ఒమన్‌లోని భారతీయ పాఠశాలల్లో మన పిల్లలు సీబీఎస్‌ఈ పరీక్షలు రాస్తున్నారు. పన్నెండో తరగతి భౌతికశాస్త్రం రాతపరీక్షకు 70 మార్కులు, కాలిక్యులేటర్‌కు అనుమతి లేదు. ఈ రెండో మాట వల్లే, పక్కపక్క బెంచీలకు వేర్వేరు సెట్లు ఇచ్చేటప్పుడు మనం ఎంచుకునే అంకెలకు ఇంత బరువు వచ్చింది. నేను ఈరోజు ఒకే ఒక్క లెక్క గురించి మాట్లాడతాను.

కుంభాకార కటకం నాభ్యంతరం 10 సెం.మీ., వస్తువు 15 సెం.మీ. దూరంలో ఉంది. ప్రతిబింబ దూరమెంత? 1/v − 1/u = 1/f సూత్రంలో u = −15 వేస్తే 1/v = 1/10 − 1/15 = 1/30. జవాబు 30 సెం.మీ.

రెండో సెట్‌కు 10, 17 ఇచ్చామనుకోండి. జవాబు 170/7. ఆ పిల్లవాడు భాగహారంతో కుస్తీ పట్టాలి. 15, 10 అని తారుమారు చేస్తే వస్తువు నాభికి లోపలికి వచ్చేస్తుంది, ప్రతిబింబం మిథ్య అవుతుంది. అది వేరే ప్రశ్నే. ఈ రెండు పొరపాట్లూ మనలో చాలామంది పసిగడతారు.

పసిగట్టలేనిది మరొకటుంది. 12, 16 ఇస్తే జవాబు 48; చూడటానికి చక్కగా ఉంది, క.సా.గు. కూడా తేలికే. కానీ u గుర్తు మరచిన విద్యార్థి సంగతి చూడండి. మొదటి సెట్‌లో అతనికి 1/10 + 1/15 = 1/6 వస్తుంది. జవాబు 6 అని నిశ్చింతగా రాసి ముందుకు వెళ్తాడు. రెండో సెట్‌లో అదే తప్పుకు 48/7 వస్తుంది. ఆ వికారమైన భిన్నం చూసి ఉలిక్కిపడి, వెనక్కి వెళ్లి గుర్తు సరిచేసుకుంటాడు. ఒకే అజ్ఞానానికి ఒకరికి హెచ్చరిక దొరికింది, ఒకరికి దొరకలేదు. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

అందుకే అంకెలు వేసేముందు సరైన జవాబుతో పాటు, పిల్లలు మామూలుగా చేసే తప్పుకు వచ్చే జవాబూ కట్టి చూడాలి. 10, 15కు జోడీగా 20, 30 తీసుకుంటే సరైనది 60, తప్పు దారిలో 12. మూడో సెట్‌కు 30, 45 అయితే 90, 18. మూడింటిలోనూ తప్పు అంతే నున్నగా కనిపిస్తుంది. అయితే వీటన్నిటిలో ఆవర్ధనం −2 కనుక ఆవర్ధనం అడగకూడదు, పక్కవాడి జవాబు చూస్తే సరిపోతుంది. కావాలంటే వస్తువు ఎత్తు మార్చి ప్రతిబింబం ఎత్తు అడగండి.

పరీక్ష అయ్యాక కూడా పని ఉంది. సెట్లు బెంచీల వరసలో పంచుతాం కాబట్టి ఏ సెట్‌కూ తెలివైన పిల్లలు ప్రత్యేకంగా చేరరు. ఆ లెక్కను ప్రతి సెట్‌లో ఎందరు సరిగా చేశారో లెక్కించండి. ఒక్క సెక్షన్‌తో తీర్పు చెప్పకండి, నలుగురైదుగురి తేడా యాదృచ్ఛికంగానే రావచ్చు. తప్పు జవాబులను విడిగా రాసిపెట్టుకోండి. ఒక సెట్‌లో 6 పదేపదే కనబడి, మరో సెట్‌లో దానికి సాటి అయిన అంకె దాదాపు లేకపోతే, వచ్చే ఏడాది మార్చాల్సింది ఆ రెండో సెట్ అంకెలనే.