యాదికొచ్చే మాట

తాండూరులో మాకు తెలుగు చెప్పిన సారు స్మృతిలో ఈ ఉపన్యాసం. వ్యాసంలో కొత్త మాట కనబడితే ఆయన "ఇది ఎవరన్నరు? ఎవరితోని అన్నరు?" అని అడిగేవారు. ఆ రెండు ప్రశ్నలతోనే ఈరోజు ఒక ప్రేమవాక్యాన్ని పరీక్షిస్తాను.

వికారాబాదులో చదువుకుంటున్న మా మేనల్లుడు పెళ్లి కుదిరిన అమ్మాయికి రాస్తూ "నేను నిన్ను కోల్పోతున్నాను" అన్నాడు. దూరంగా ఉండి తలుచుకుంటున్నానని చెప్పడం వాడి ఉద్దేశం. వ్యాకరణం సరిగ్గానే ఉంది. అయినా చెవికి ఏదో తేడా కొట్టింది. ఆ మాటను రాతల్లో ఎవరెలా వాడారో ఇద్దరం వెతకడానికి కూర్చున్నాం.

తెలుగు క్రియ చివర మారుతూ ఉంటుంది కనుక వాక్యం మొత్తాన్ని కాక "కోల్పో" వరకే వెతికాం. కథల్లో, నవలల్లో జనం భూమిని కోల్పోయారు, చూపును కోల్పోయారు, కన్నవారిని కోల్పోయారు. దొరికిన ప్రతిచోటా ముందు రెండు వాక్యాలు, వెనక రెండు వాక్యాలు చదివాం. తిరిగిరానిదాన్ని గురించే ఆ మాట. ఎడబాటు అర్థంలో అది కనబడింది ఇంగ్లీషు శుభాకాంక్షలకు చేసిన అనువాదాల్లోనే. ఆ అమ్మాయి చదివితే సంబంధం తప్పిపోతోందేమో అనుకునేది.

తర్వాత ఎదురు దిక్కు నుంచి వెతికాం. దూరమైన ప్రేమికులు పాటల్లో, కథల్లో ఏమంటున్నారు? "గుర్తొస్తున్నావు" అంటున్నారు. మన వైపు మాట "యాదికొస్తున్నవ్". ఉర్దూ నుంచి వచ్చిన ఈ యాది పుస్తకాల్లోకీ ఎక్కింది. సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకానికి "యాది" అనే పేరు పెట్టుకున్నారు. అయితే "యాదికొస్తున్నవ్" అన్నదాన్ని "యాదికి వస్తున్నవు" అనీ రాస్తారు, కలిపీ రాస్తారు. ఒక్క రూపమే వెతికితే సగం దొరకదు.

లెక్కలోనూ జాగ్రత్త కావాలి. ఒకే పాట పదిచోట్ల ఎక్కితే అది ఒక్క సాక్ష్యమే. బాణీ కోసం కవి మాటను వంచుతాడు కాబట్టి పాటకు తోడు వచనమో సంభాషణో దొరకాలి. ముగ్గురు వేర్వేరు రచయితలు ఒకే అర్థంలో వాడితేనే నేను నమ్ముతాను. దొరకనంత మాత్రాన మాట తప్పనీ కాదు. మన పలుకుబడి అచ్చులోకి వచ్చింది తక్కువ. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లనే అడగాలి.

అందుకే చివరికి మా అమ్మను అడిగాం. నాన్న పోయి చాలా ఏళ్లయింది. "మీ తాత యాదికొస్తడు బిడ్డా" అంది మనవడితో. నిజంగా కోల్పోయిన మనిషి గురించి కూడా ఆమె నోట వచ్చింది ఆ మాటే. వాడి వాక్యంలో కర్త తాను, అమ్మ వాక్యంలో కర్త తాత. మేనల్లుడు కాగితం మీద "నేను" కొట్టేసి "నువ్వు" అని మొదలుపెట్టాడు.