పంచాంగం చూసి విమానం ఎక్కండి

విదేశీ యాత్రలకు మనవాళ్లను బృందాలుగా తీసుకెళ్లడం నా వృత్తి. శాకాహారులు నన్ను మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “అక్కడ ఇండియన్ హోటల్ ఉందాండీ?” ఉంటుంది, ఈ రోజుల్లో లేని ఊరు తక్కువ. కాకపోతే ఆ హోటల్‌ను నమ్ముకుంటే సాయంత్రం చూడాల్సినదంతా వదిలేసి, బస్సెక్కి ఊరి అవతలికి పోయి, నీళ్ల పప్పూ పనీరు కూరా తిని వస్తాం. అందుకే నేను వేరే ప్రశ్న అడగమంటాను. ఆ దేశంలో అక్కడి జనమే మాంసం మానేసే రోజులు ఉన్నాయా? ఉంటే, వాళ్ల కోసం వండేవాళ్లూ ఉంటారు. ఇథియోపియాలో క్రైస్తవులు బుధ, శుక్రవారాలు ఉపవాసం పాటించి మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. ఆ రోజుల్లో మామూలు హోటల్లోనే పప్పులూ కూరలూ వరసగా వడ్డిస్తారు. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు కనిపించిన బండి దగ్గర మాంసమే కాదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు.

ఈ సాయంత్రం మాత్రం వియత్నాం గురించే చెబుతాను. మనవాళ్లు ఎక్కువగా వెళ్తున్నారు, ఎక్కువగా భయపడుతున్నదీ దానికే.

ఆ భయానికి కారణం ఉంది. అక్కడ చేపలను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన రసం ఒకటుంది, నుక్ మామ్ అంటారు. మనం ఉప్పు వేసే చోటల్లా వాళ్లు దాన్ని వేస్తారు. బొప్పాయి సలాడ్‌లో, టమాటా రసంలో ఉడికించిన టోఫులో, ఒక్కోసారి ఆకుకూర వేపుడులో కూడా ఉంటుంది. కాబట్టి “మాంసం వద్దు” అంటే సరిపోదు. వంటవాడు ముక్కలు తీసేసి, రసం పోసి, నవ్వుతూ తెచ్చిపెడతాడు. అతని లెక్కలో అందులో మాంసం లేదు.

మరి ఏమనాలి? “చాయ్” అనాలి. మన టీ పలికినట్టే పలుకుతుంది. బౌద్ధులు తినే శాకాహారానికి అక్కడి పేరు అది. వియత్నాం భాషను ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాస్తారు కాబట్టి దుకాణం బోర్డు మీద సి, హెచ్, ఏ, వై అన్న నాలుగు అక్షరాలు వరసగా ఉన్నాయేమో చూస్తే చాలు. ఫోన్లో మ్యాప్ తెరిచి quan chay అని కొట్టండి, దగ్గర్లో ఉన్నవి బయటపడతాయి. అచ్చమైన చాయ్ దుకాణంలో చేప రసం ఉండదు, గుడ్డు కూడా సాధారణంగా ఉండదు. నియమంగా నడిపేచోట ఉల్లి, వెల్లుల్లి వేయరు. మన ఇళ్లల్లో కార్తీక మాసంలో వండినట్టే.

మామూలు దుకాణంలో “మా దగ్గర చాయ్ ఫో కూడా ఉంది” అంటే కాస్త వంటింటి వైపు తొంగి చూడండి. ఫో అంటే బియ్యం సేమ్యాతో చేసే వేడి సూపు. దాని రుచంతా మరిగించిన నీళ్లలోనే ఉంటుంది. చాయ్ వాళ్లు ముల్లంగి, క్యారెట్, మొక్కజొన్న, పుట్టగొడుగులు వేసి, అనాసపువ్వు, దాల్చినచెక్కతో మరిగిస్తారు. మామూలు వాళ్లు ఎముకలు మరిగిస్తారు. పొయ్యి మీద ఒకటే పెద్ద గిన్నె ఉంటే ఆ సూపు మనది కాదు, వాళ్లేం చెప్పినా సరే. పక్కన పెట్టే చిన్న గిన్నె కూడా వాసన చూడండి. సోయా రసం నల్లగా ఉంటుంది. తేనె రంగులో పలచగా ఉండి, మిరపముక్కలు తేలుతూ, చేపల మార్కెట్ గుర్తొచ్చిందంటే పక్కకు జరిపేయండి.

ఇప్పుడు పంచాంగం సంగతి. వియత్నాంలో చాంద్రమాన నెల అమావాస్య రోజున మొదలవుతుంది. ఆ నెలలో 1వ తేదీన, 15వ తేదీన చాలామంది బౌద్ధులు మాంసం మానేస్తారు. ఆ రెండు రోజులూ చాయ్ దుకాణాలు కిటకిటలాడతాయి, మామూలు రోజుల్లో మాంసం అమ్మే కొందరు కూడా చాయ్ వండుతారు. అంటే మన గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య, పౌర్ణమి చూసుకుంటే అక్కడి మంచి రోజులు దాదాపుగా తెలిసిపోతాయి. ఒక్క రోజు అటూ ఇటూ కావచ్చు, టికెట్ కొనేముందు వాళ్ల తేదీతో సరిచూసుకోండి.

దీన్ని బట్టి యాత్ర ఎలా అల్లాలో చూద్దాం. నేనైతే పౌర్ణమిని మధ్యలో పెడతాను. వాళ్ల 10వ తేదీన హనోయ్‌లో దిగండి. పెద్ద నగరం, చాయ్ దుకాణాలకు కొదవలేదు. అక్కడి ప్రసిద్ధమైన కాఫీలో మాత్రం పైన నురుగు పచ్చసొనతో చేసింది, తెలియక తాగి తర్వాత బాధపడతారు. 11న హా లాంగ్ సముద్రంలో పడవ మీద ఒక రాత్రి. మొత్తం యాత్రలో కష్టమైన పూట ఇదే, ఎందుకంటే నీళ్ల మధ్య వేరే దుకాణం ఉండదు, వంటంతా చేపలూ రొయ్యలే. అందుకే పడవవాళ్లకు ముందే రాతలో పంపాలి: మాంసం, చేప, చేప రసం, ఆయిస్టర్ సాస్, మాంసపు మసాలా పొడి ఏవీ వద్దు, చాయ్ వంట కావాలి అని. వాళ్ల నుంచి జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. కష్టమైన పూటకు ముందూ వెనకా సులువైన ఊళ్లుంటే మనిషి నీరసపడడు. 12 రాత్రికి మళ్లీ హనోయ్ చేరతారు.

13న విమానంలో డా నాంగ్, అక్కడి నుంచి హోయి ఆన్. ఆ పాత ఊళ్లో ప్రతి నెలా 14వ తేదీ రాత్రి కరెంటు దీపాలు తగ్గించి లాంతర్లు వెలిగిస్తారు, నదిలో దీపాలు వదులుతారు. అది చూసి, 15 ఉదయం ఎనిమిదికల్లా బయలుదేరితే, హై వాన్ కనుమ మీదుగా భోజనం వేళకు హుయే చేరతారు. పాత రాజధాని, గుళ్ల ఊరు. బౌద్ధ గురువు తిక్ న్యాట్ హాన్ పుట్టిందీ, 2022లో కన్నుమూసిందీ అక్కడే. చాయ్ వంటకు దేశంలో ఆ ఊరికున్న పేరు మరో ఊరికి లేదంటాను నేను. పైగా ఆ రోజు 15వ తేదీ. పదకొండున్నరకే కూర్చోండి. మనలా రెండింటికి భోజనానికి వెళ్తే చిన్న దుకాణాల్లో గిన్నెలు కడుగుతుంటారు.

అక్కడ ఒక ఇబ్బంది ఉంది. సోయాతో, గోధుమతో చేసిన వంటకాలకు రొయ్య రూపమో, చేప రూపమో ఇస్తారు. బృందంలోని పెద్దావిడలు పళ్లెం చూడగానే లేచిపోతారు. పదార్థం శుద్ధమే, కానీ మనసు ఒప్పుకోదు, దాన్ని తప్పుపట్టలేం. అలాంటివారికి టోఫు, పుట్టగొడుగులు, ఆకుకూరలు ఉన్న పళ్లెం వేలితో చూపించి తెప్పించండి.

చివరగా సైగాన్. అక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో తైనిన్ ఉంది. 1926లో మొదలైన కావ్ డాయ్ మతానికి అది కేంద్రం. ఆ మతంవాళ్లు నెలలో 6 నుంచి 10 రోజులు శాకాహారం పాటిస్తారు కాబట్టి గుడి చుట్టుపక్కల చాయ్ దుకాణాలు మామూలు రోజుల్లోనూ నడుస్తాయి. మధ్యాహ్నం పన్నెండింటి ప్రార్థన చూసి అక్కడే తినవచ్చు.

ఒక్క పండుగకు మాత్రం వెళ్లకండి. జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే వాళ్ల సంవత్సరాది టెట్‌కు దుకాణాలు రోజుల తరబడి మూసేస్తారు. ఇక పెరుగు సంగతి అడగబోతున్నారని నాకు తెలుసు. దొరుకుతుంది, కానీ చక్కెర వేసిన తియ్యటి పెరుగు. ఆవకాయతో అది కలవదు. కారప్పొడి పట్టుకెళ్లండి, అక్కడి తెల్లన్నంలోకి బాగుంటుంది.