ఇన్‌స్టంట్ గీజరా, స్టోరేజా? నలుగురున్న ఇంటికి నా లెక్క

నలుగురున్న ఇల్లు, బోరు నీళ్లు, పొద్దున్నే బకెట్ స్నానాలు అనుకుందాం. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది, 16 ఆంపియర్ల సాకెట్ ఉండాల్సిందే. అంత లాగినా చలికాలంలో 20 లీటర్ల బకెట్ గోరువెచ్చగా నిండడానికి దాదాపు ఎనిమిది నిమిషాలు. వంటింటి సింకుకైతే ఓకే.

2 కిలోవాట్ల స్టోరేజ్‌కి సాకెట్ అదే, లోడు మాత్రం 9 ఆంపియర్లే. 25 లీటర్లు 60 డిగ్రీలకి కాగితే, చన్నీళ్లు కలిపాక రెండున్నర బకెట్లు. ఇద్దరి స్నానాలయ్యాక అరగంట ఆగితే మిగతా ఇద్దరికీ రెడీ. 15 లీటర్లదైతే ఒకటిన్నర బకెట్టే, మా అమ్మ ఒప్పుకోదు!

బోరు నీళ్లకి రెండింట్లోనూ సున్నం కడుతుంది. కాగేటప్పుడు చిటపట శబ్దం వస్తున్నా, ముందుకంటే ఆలస్యంగా వేడెక్కుతున్నా అదే కారణం కావచ్చు. వేడి పెరిగేకొద్దీ సున్నమూ పెరుగుతుంది. అందుకే నేనైతే 25 లీటర్లది తీసుకుని, థర్మోస్టాట్ 60 దాటనివ్వను. ఏడాదికోసారి మెకానిక్‌తో ఎలిమెంట్ తీయించి సున్నం గీకించండి.