జలుబు పిల్లలు – కర్ణభేరి వెనక నీరు

మాటిమాటికీ జలుబు చేసే పిల్లలకు ముక్కు నుంచి చెవికి గాలి వెళ్లే సన్నని గొట్టం వాచి మూసుకుపోతుంది. అప్పుడు కర్ణభేరి వెనక నీరు చేరుతుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, చీము కారదు. అందుకే మనకి తెలీదు.

మా సంఘంలో ఒకామె నాలుగేళ్ల కొడుకు టీవీ సౌండు బాగా పెంచేవాడు. ఎదురుగా చెబితే వినేవాడు, వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. మొండివాడనుకున్నారు. చెవి డాక్టరు చూస్తే రెండు చెవుల్లోనూ నీరుంది.

మీరూ చూడండి. పిల్లాడు ఆడుకునేటప్పుడు వెనక నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలవండి. నాలుగైదు రోజులు పిలిచినా పలక్కపోతే, మాట స్పష్టంగా రాకపోతే డాక్టరుకు చూపించండి. చాలామందికి 3 నెలల్లో దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే వినికిడి పరీక్ష చేయించాలి. చెవిలో నూనె పోయొద్దు, కర్ణభేరి దాటి ఆ నీటిదాకా అది పోదు.